పార్లర్ లేకున్నా పెళ్లి మెహందీ

బ్యుటీషియన్ కోర్సు పూర్తిచేసిన అమ్మాయికి ఫేషియల్, మేకప్, జడ, చీరకట్టు, మెహందీ అన్నీ కొంతకొంత వచ్చే ఉంటాయి. పార్లర్ పెట్టాలంటే గది అడ్వాన్సు, అద్దె, కుర్చీ, అద్దాలు కావాలి. ఇంట్లోనే మేకప్‌తో మొదలుపెడదామన్నా రకరకాల చర్మఛాయలకు సరిపడే ఫౌండేషన్లు ముందే కొనాలి. తెరిచిన సీసాలు గడువు దాటితే పారేయాలి. మెహందీకి మాత్రం పొడి, నూనె, పంచదార, కోన్ చుట్టే సెల్లోఫేన్ కాగితం ఉంటే చాలు. వంటింట్లో కలుపుకోవచ్చు, పెళ్లివారింటికి సంచిలో పట్టుకెళ్లవచ్చు. చేతిలో డబ్బు లేనప్పుడు అందుకే ముందు దీనితో మొదలుపెట్టి, వచ్చిన రాబడితో మిగతావి ఒక్కొక్కటే సమకూర్చుకోవడం మేలు.

కోన్ బజారులో కొనవచ్చు. అయితే అందులో ఏం కలిపారో తెలియదు. సొంతంగా కలిపితే ఖర్చు తగ్గుతుంది, రంగు మీద భరోసా ఉంటుంది. రాజస్థాన్‌లోని పాలీ జిల్లా సోజత్ గోరింటాకు పొడికి పేరున్న ఊరు. ఒంటిమీద పెట్టే పొడిని సన్నటి గుడ్డలో జల్లించి అమ్ముతారు. జుట్టుకు వాడే పొడి ముతకగా ఉండి కోన్ మొనలో అడ్డుపడుతుంది.

వంద గ్రాముల పొడికి 30 గ్రాముల పంచదార, 30 మిల్లీలీటర్ల నీలగిరి తైలం లేదా లావెండర్ తైలం, సుమారు 250 మిల్లీలీటర్ల నీళ్లు సరిపోతాయి. నీళ్లన్నీ ఒకేసారి పోయకూడదు. ముందు గట్టిగా, గారెల పిండిలా కలిపి మూతపెట్టి ఉంచాలి. గోరింటాకులోని లాసోన్ అనే రంగు పదార్థం మెల్లగా బయటికి వస్తుంది. మన ఎండాకాలంలో దీనికి ఆరేడు గంటలు చాలు. చలికాలంలో రాత్రంతా, ఒక్కోసారి మర్నాటిదాకా పడుతుంది. చిటికెడు ముద్ద అరచేతిలో పెట్టి ఐదు నిమిషాలకు తుడిస్తే నారింజ మచ్చ పడాలి. పడిందంటే సిద్ధమైనట్టే. అప్పుడు మిగిలిన నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ, గరిటె ఎత్తితే తెగకుండా దారంలా జారేదాకా పలచన చేయాలి. ఈ కొలతకు 25 గ్రాముల కోన్లు 14 దాకా వస్తాయి.

రసాయనాలు కలపని ముద్ద బయట రెండు మూడు రోజులకే శక్తి కోల్పోతుంది. ఫ్రీజర్‌లో నెలల తరబడి ఆగుతుంది. ఇంట్లో ఫ్రీజర్ లేకపోతే ఆర్డరు ఖాయమయ్యాకే కలపాలి.

నల్లగా పండాలని అడిగేవాళ్లు ఎక్కువ. గోరింటాకుకు సహజంగా నల్లరంగు లేదు. తీసిన వెంటనే నారింజ, ఒకటి రెండు రోజులకు ముదురు ఎరుపు లేదా గోధుమరంగు. గంటలోనే నల్లబడేదాంట్లో జుట్టు రంగుల్లో వాడే పీపీడీ ఉండవచ్చు. అది చర్మాన్ని బొబ్బలెక్కిస్తుంది; ఒకసారి పడకపోతే ఆ తర్వాత జుట్టుకు రంగు వేసుకున్నా మళ్లీ అలర్జీ రావచ్చు. కొత్తవారికి ముందురోజు మోచేతి లోపలి వైపు కొంచెం పెట్టి చూడాలి. చంటిపిల్లలకు అసలు పెట్టకూడదు. జీ6పీడీ లోపం ఉన్న పిల్లల్లో గోరింటాకు ఎర్రరక్తకణాలను దెబ్బతీస్తుంది. గర్భిణులకు తైలం కలపకుండా వేరే ముద్ద చేయడం మంచిది.

పెళ్లిపనిలో సగం గెలుపు సమయం లెక్కలో ఉంది. ఆదివారం ఉదయం ముహూర్తం అనుకుందాం. రంగు పూర్తిగా ముదరడానికి ఒకటిన్నర, రెండు రోజులు పడుతుంది కాబట్టి మెహందీ శుక్రవారం మధ్యాహ్నం మొదలుకావాలి. శనివారం రాత్రి పెడితే పీటల మీద పెళ్లికూతురి చేతులు నారింజరంగులోనే ఉంటాయి. వాక్సింగ్ ముందే అయిపోవాలి. తర్వాత చేస్తే రంగుపట్టిన పైచర్మం ఊడిపోతుంది. ముద్ద ఆరేడు గంటలు ఉంచి, నీళ్లు తగలకుండా గీకి తీయాలి. ఆపైన పన్నెండు గంటలు నీటికి దూరం. మన పెళ్లిళ్లలో ఇంకో చిక్కు నలుగు. శనగపిండి రుద్దితే రంగు వెలిసిపోతుంది. పెళ్లికూతుర్ని చేసే వేళ ఎప్పుడో ముందే అడిగి, చేతులకు కొబ్బరినూనె రాయించి, అక్కడ రుద్దవద్దని పెద్దవాళ్లకు చెప్పాలి.

అరచేతులు, అరికాళ్లలో చర్మం మందం కాబట్టి రంగు బాగా పడుతుంది. ముంజేతికి వెళ్లేకొద్దీ లేతబడుతుంది. ఈ మాట ముందే చెప్పకపోతే, పని బాగున్నా పేచీ వస్తుంది.

ఇక ధర. కొత్తవాళ్లు నష్టపోయేది ఇక్కడే. పెళ్లికూతురికి మోచేతుల దాకా రెండువైపులా, పాదాలకు. చుట్టాల్లో 15 మందికి చిన్న డిజైన్లు. ఇదీ ఆర్డరు. పెళ్లికూతురికి ఎనిమిది కోన్లు, చుట్టాలకు ఆరు, మొత్తం 14. లెక్క అర్థమయ్యేందుకు కోన్‌కు 25 రూపాయల చొప్పున సరుకు 350 అనుకుందాం. రానుపోను ఆటో 300. చుట్టాలకు పెట్టే తోటి అమ్మాయికి నాలుగు గంటలకు 800. చేతి నుంచి పోయేది 1,450. పెళ్లికూతురికి ఆరు గంటలు, కలపడానికీ కోన్లు చుట్టడానికీ రెండు, ప్రయాణానికి రెండు, మొత్తం పది గంటల సొంత కష్టం. మొహమాటపడి రెండు వేలకు ఒప్పుకుంటే మిగిలేది 550, అంటే గంటకు 55 రూపాయలు. సొంత గంటకూ తోటి అమ్మాయికి ఇచ్చే 200 కట్టుకుంటే 3,450. చుట్టాలు ఇద్దరు ముగ్గురు పెరుగుతారు కాబట్టి కొంత కలిపి 3,800 చెప్పాలి. ఊరిని బట్టి అంకెలు మారినా లెక్క వేసే పద్ధతి మారదు. సగం అడ్వాన్సు తీసుకుని, ఎంతమందికి, ఎక్కడి దాకా, అదనపు చేతికి ఎంత అనేది వాట్సాప్‌లో రాసి పంపితే తర్వాత మాట తేడా రాదు.

మెహందీ పెట్టిన ఇంట్లోనే తర్వాతి పని దొరుకుతుంది. చీర ముందుగా కుచ్చిళ్లు పెట్టి ఇస్త్రీ చేసి మడిచివ్వడానికి ఇస్త్రీపెట్టె, పిన్నులు, క్లిప్పులు చాలు. పూలజడకు పూలు పెళ్లివారే తెస్తారు. మేకప్ కిట్ చివర కొనాలి. బ్రష్‌లు ప్రతి మనిషికీ కడగాలి. లిప్‌స్టిక్‌ను నేరుగా పెదవికి రాయకుండా పళ్లెంలో తీసుకుని బ్రష్‌తో వేయాలి.

ఆ కిట్ కోసమే అప్పు అవసరమైతే ముద్ర పథకంలో శిశు విభాగం కింద 50,000 రూపాయల దాకా హామీ లేకుండా బ్యాంకులు ఇస్తాయి. ఉద్యం రిజిస్ట్రేషన్‌కు రుసుము లేదు. కానీ వాయిదా నెలనెలా కట్టాలి, ముహూర్తాలు నెలనెలా ఉండవు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం పెళ్లిళ్లు లేని మాసాలు. ఆషాఢంలో మాత్రం గోరింటాకు ఆనవాయితీ ఉంది కాబట్టి చిన్న ఆర్డర్లు వస్తాయి. మిగతా రెండు మాసాల వాయిదాలు మాఘ, ఫాల్గుణ, వైశాఖ, శ్రావణాల సంపాదనలోంచి ముందే తీసి పక్కనపెట్టుకోవాలి.