మార్కెట్ ఊపును బట్టి జరిగే అలర్ట్ హద్దు

2024 జూన్ మొదటి వారంలో లోక్‌సభ ఎన్నికల ఓట్ల లెక్కింపు జరిగింది. మే 31న 22,530.70 దగ్గర ముగిసిన నిఫ్టీ, ఎగ్జిట్ పోల్స్ చూసి జూన్ 3న 23,263.90కి ఎగబాకింది. లెక్కింపు రోజున, అంటే 4న, 21,884.50కి కూలింది. తర్వాతి మూడు రోజుల ముగింపులు 22,620.35, 22,821.40, 23,290.15. వారం మొదటికీ చివరికీ తేడా చూస్తే సూచీ 3 శాతానికి కాస్త పైన పెరిగింది, అంతే. కానీ ‘రోజులో 2 శాతం కదిలితే మోగించు’ అని ఫోన్‌లో అలర్ట్ పెట్టుకుంటే, ఆ ఐదు రోజుల్లో నాలుగు రోజులు అది మోగాల్సిందే. మొదటి మోత వార్తే. మార్కెట్ ఊగుతోందని తెలిసిపోయాక వచ్చే నాలుగో మోతలో కొత్త సంగతేమీ లేదు.

అదే అలర్ట్‌కు ప్రశాంతమైన నెలల్లో ఎదురు సమస్య ఉంటుంది. సూచీ రోజుకు అర శాతం మించి కదలని కాలంలో ఒక్కసారిగా 1.7 శాతం పడితే అది పట్టించుకోవాల్సిన మార్పే. 2 శాతం హద్దు దాన్ని చూడనే చూడదు. కాబట్టి ఈమధ్య మార్కెట్ మామూలుగా ఎంత కదులుతోందో ముందు కొలిచి, దానికి ఇన్ని రెట్లు అని హద్దు పెట్టాలి. జరిగిపోయిన ధరల నుంచి తీసే ఆ కొలతే రియలైజ్డ్ వొలటాలిటీ. ఇండియా విక్స్ దీనికి భిన్నం. అది ఆప్షన్ల ధరల నుంచి రాబోయే ఒడుదొడుకుల అంచనాను తీస్తుంది.

లెక్క కష్టమైనది కాదు. ప్రతి రోజు ముగింపును ముందురోజు ముగింపుతో భాగించి, ఆ నిష్పత్తికి సహజ సంవర్గమానం తీయాలి. మామూలు శాతాల్లో 10 పడి 10 పెరిగితే ధర పాత చోటికి చేరదు. సంవర్గమానంలో పెరుగుదలకూ పతనానికీ ఒకే కొలబద్ద ఉంటుంది. జూన్ 3 నుంచి 7 వరకు ఇలా వచ్చే అంకెలు 3.20, −6.11, 3.31, 0.88, 2.03 శాతం. వీటి వర్గాలు కూడితే 63.5 వస్తుంది. ఐదుతో భాగించి వర్గమూలం తీస్తే 3.56. ఆ వారం రోజువారీ వొలటాలిటీ అదే. ఏడాది లెక్కలో చెప్పాలంటే 252 ట్రేడింగ్ రోజుల వర్గమూలంతో, అంటే దాదాపు 15.9తో, గుణించాలి. అప్పుడు సుమారు 57 శాతం వస్తుంది.

ఇప్పుడు ‘వొలటాలిటీకి మూడు రెట్లు దాటితే మోగించు’ అనుకుందాం. 3.56కు మూడు రెట్లంటే 10.7. జూన్ 4 నాటి 6.11 దాన్ని అందుకోలేదు. నిజానికి ఐదు రోజుల కిటికీలో ఏ రోజూ అందుకోలేదు. మిగతా నాలుగు రోజులు సూచీ అసలు కదలకపోయినా, ఐదో రోజు కదలిక ఆ సగటు వర్గమూలానికి √5 రెట్లే, అంటే 2.24 రెట్లే, అవుతుంది. పరీక్షించాల్సిన కదలికను హద్దు లెక్కలో కలిపేశాం కాబట్టి, కదలిక తన హద్దును తానే వెనక్కి నెట్టేసింది. ఈ పొరపాటు ఉన్న ప్రోగ్రామ్ ఏ దోషమూ చూపించదు, ఎప్పుడూ మోగదు, అంతే. ఈ రోజు హద్దును నిన్నటి వరకు ఉన్న ధరలతోనే కట్టాలి.

మరో చిక్కు కిటికీ అంచున ఉంది. 20 రోజుల సగటు తీస్తుంటే, పెద్ద పతనం 21వ రోజున లెక్కలోంచి జారిపోతుంది. మార్కెట్‌లో ఏమీ జరగకపోయినా హద్దు ఆ ఒక్క రోజులో ఇరుకైపోతుంది. అందుకే పాత రోజుల బరువు మెల్లగా తగ్గే పద్ధతి వాడతారు. జె.పి. మోర్గాన్ 1990లలో బయటపెట్టిన రిస్క్‌మెట్రిక్స్ పద్ధతిలో నిన్నటి సగటు వర్గానికి 0.94 వంతు, తాజా కదలిక వర్గానికి 0.06 వంతు బరువు ఇస్తారు.

అంతకుముందు వొలటాలిటీ 0.9 శాతం ఉందనుకుని జూన్ వారాన్ని నడిపిద్దాం. 3వ తేదీ హద్దు 2.7 శాతం, కదలిక 3.20, కాబట్టి మోగుతుంది. 4న హద్దు 3.52కి జరుగుతుంది. 6.11 దాన్నీ దాటింది, మళ్లీ మోగుతుంది. 5న హద్దు 5.64కి చేరడంతో 3.31 మౌనంగా వెళ్లిపోతుంది. 6న, 7న కూడా మోత లేదు. నాలుగు మోతలు రెండయ్యాయి. ఆ రెండూ వినాల్సినవే.

అయితే 7వ తేదీ ముగిసేసరికి హద్దు 5.85 దగ్గర ఉంది. 0.94 బరువుతో వర్గం సగం కావడానికి 11 ట్రేడింగ్ రోజులు, హద్దు సగం కావడానికి 22 రోజులు పడుతుంది. అంటే మార్కెట్ పూర్తిగా చల్లబడినా దాదాపు నెల రోజుల పాటు హద్దు అవసరానికి మించి వెడల్పుగా ఉంటుంది. ఆ వ్యవధి మొదట్లో 4 శాతం పతనం వచ్చినా ఫోన్ పలకదు. దీనికి విరుగుడు కదలికను హద్దు దగ్గర కత్తిరించి లెక్కలో కలపడం:

```python
limit = 3 * var ** 0.5
alert = abs(r) > limit
r = max(-limit, min(limit, r))
var = 0.94 * var + 0.06 * r * r
```

ఇక్కడ వరుసే ముఖ్యం. ముందు హద్దు, తర్వాత పోలిక, ఆ తర్వాతే కొత్త కదలికను కలపడం. ఇలా చేస్తే 3న, 4న మోత అలాగే ఉంటుంది, 5న హద్దు 4.00 కాబట్టి 3.31 మౌనంగానే పోతుంది. వారం చివర హద్దు మాత్రం 5.85 బదులు 4.59 దగ్గర ఆగుతుంది.

ముగింపు ధరలకూ ఒక పరిమితి ఉంది. జూన్ 4 మధ్యలో నిఫ్టీ 8 శాతానికి పైగా పడి కొంత కోలుకుంది. ముగింపు అంకెలో ఆ సంగతి కనబడదు. అందుకే ఉదయం 9.15 నుంచి మధ్యాహ్నం 3.30 వరకు ఉన్న 375 నిమిషాలను ఐదేసి నిమిషాల 75 ముక్కలు చేసి, వాటి వర్గాలు కూడతారు. రాత్రి గడిచాక ధర ఎగిరి తెరుచుకునే తేడా ఈ ముక్కల్లో దేనిలోనూ రాదు. దాన్ని విడిగా వర్గం చేసి కలపాలి. మరీ సెకన్లలోకి దిగితే, కొనేవాడి ధరకూ అమ్మేవాడి ధరకూ మధ్య అటూ ఇటూ గెంతడమే వొలటాలిటీగా కూడిపోతుంది. ఐదు నిమిషాలు మధ్యేమార్గంగా స్థిరపడింది.

ఇక షేర్లలో స్ప్లిట్ జరిగిన రోజు ధర ఒక్కసారిగా కూలినట్టు కనిపిస్తుంది. సరిదిద్దని ధరలు వాడితే ఆ రోజు దొంగ అలర్ట్ వస్తుంది, ఆ తర్వాత వారాల తరబడి హద్దు పాడవుతుంది.

జరిగే హద్దు ‘ఇది ఈమధ్య తీరుకు భిన్నమా’ అన్న ప్రశ్నకే జవాబిస్తుంది. ‘నా డబ్బు ఎంత పోయింది’ అన్నది వేరే ప్రశ్న. ఒడుదొడుకుల్లో 5 శాతం పతనం మామూలే కావచ్చు, నష్టం మాత్రం అంతే. కాబట్టి పక్కనే కదలని గీత ఒకటి ఉండాలి. ఎక్స్ఛేంజీలు మొత్తం మార్కెట్‌ను ఆపే సర్క్యూట్ బ్రేకర్లను 10, 15, 20 శాతం దగ్గర స్థిరంగానే ఉంచాయి. కింద కూడా ఒక అట్టడుగు హద్దు కావాలి, లేకపోతే మరీ నిశ్శబ్దమైన కాలంలో 0.9 శాతం కదలికకే ఫోన్ మోగుతుంది. ఇక మూడు రెట్లు అన్నది శాసనం కాదు. గంట ఆకారపు వక్రరేఖ ప్రకారం మూడు రెట్లు దాటే రోజు దాదాపు 370 రోజులకొకటి రావాలి, కానీ మార్కెట్లలో అంతకంటే తరచుగా వస్తుంది. కొన్నేళ్ల పాత ధరల మీద ఇదే ప్రోగ్రామ్ నడిపి, ఏడాదికి ఎన్నిసార్లు మోగుతోందో లెక్కపెట్టి, మీరు ఓపికగా చూడగలిగినన్ని మోతలు వచ్చే గుణకాన్ని ఎంచుకోవాలి.