ధర చెప్పే ముందు అరగంట

"వెబ్‌సైట్ చేయించాలండీ, ఎంతవుతుంది?"

సొంతంగా వెబ్‌సైట్లు చేసిపెట్టే మాలాంటివాళ్లకు వచ్చే ఫోన్లలో చాలావరకు ఈ మాటతోనే మొదలవుతాయి. పని చేతిలో లేని నెలలో నోటికొచ్చిన అంకె చెప్పేయాలనిపిస్తుంది. ఆ అంకె చెప్పిన క్షణం నుంచి మాట్లాడుకునేది బేరం ఒక్కటే. అవతలివాళ్లకు నిజంగా ఏం కావాలో, ఆ పని మనం ఒప్పుకోదగ్గదో కాదో తెలుసుకునే వీలు అక్కడితో పోతుంది. అందుకే ధరకు ముందు ఓ అరగంట మాట్లాడదామంటాను. మా రంగంలో దీన్ని డిస్కవరీ కాల్ అంటారు. ఆ అరగంటలో మనం మాట్లాడేది తక్కువ, వినేది ఎక్కువ ఉండాలి.

ఫిబ్రవరిలో గుంటూరు నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. ఇంట్లోనే పచ్చళ్లు పెట్టి వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకుని కొరియర్‌లో పంపుతారు. ఆమెను నేను మొదట అడిగింది, "ఇన్నాళ్లూ వెబ్‌సైట్ లేకుండానే నడిచింది కదండీ, ఇప్పుడే ఎందుకు కావాలనిపించింది?" అని. నా దృష్టిలో అన్నిటికంటే విలువైన ప్రశ్న ఇదే. "అందరికీ ఉంది, మాకూ ఉండాలి" అని మాత్రమే జవాబొస్తే ఆ పని మధ్యలో ఆగిపోయే అవకాశం ఎక్కువ. ఎందుకంటే అది ఆగినా వాళ్లకు పోయేదేమీ లేదు.

ఆవిడ జవాబు అలా లేదు. "పోయిన వేసవిలో ఆవకాయ రోజుల్లో రోజుకి పాతిక ఆర్డర్లు వచ్చాయి బాబూ. ఒకరు ఫొటో పెడతారు, ఒకరు వాయిస్ మెసేజ్ పెడతారు, అడ్రసు ఎక్కడో పైన ఉంటుంది. రాత్రి కూర్చుని నోటుపుస్తకంలోకి ఎక్కించేసరికి రెండు గంటలు. అయినా కొన్ని తప్పిపోయేవి."

ఆవిడకు కావలసింది వెబ్‌సైట్ కాదనీ, ఆర్డర్లు తప్పిపోకుండా ఒకచోట పడడమనీ అప్పుడు అర్థమైంది. అది తెలిశాక లెక్కలోకి దిగాలి. వారానికి ఎన్ని తప్పిపోయేవి? మూడు దాకా. ఒక్కో ఆర్డరు ఎంత ఉంటుంది? సుమారు 1,200 రూపాయలు. అంటే నెలకు 14,400. చాలామంది ఇక్కడ ఆగి, "నెలకు ఇంత పోగొట్టుకుంటున్నారు, నాకు 90 వేలు పెద్ద లెక్కా?" అంటారు. అది తప్పు. పోయింది అమ్మకం, లాభం కాదు. నూనె, కారం, సీసా, కొరియర్ పోగా ఎంత మిగులుతుందని అడిగితే మూడో వంతు అన్నారు. నెలకు 4,800, మూడు నెలల సీజనుకు 14,400. కార్ట్, లాగిన్, చెల్లింపుల గేట్‌వే అన్నీ ఉన్న పూర్తి దుకాణం కట్టిస్తే నేను తీసుకునేది 90 వేలు. ఆ డబ్బు తిరిగి రావడానికి ఆవిడకు ఆరు సీజన్లకు పైనే పడుతుంది. ధరల పట్టిక, ఆర్డరు ఫారం, అందులోంచి కొరియర్ చీటీలు అచ్చయ్యే ఏర్పాటు మాత్రం చేస్తే 35 వేలు. రెండున్నర సీజన్లలో తీరిపోతుంది, రాత్రిళ్లు రెండు గంటలు మిగులుతాయి. ఈ లెక్క ఫోన్లోనే ఇద్దరం కలిసి వేశాం. అలా వేసుకున్నాక ధర గురించి బేరం రాలేదు.

తర్వాతి ప్రశ్న నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నది. కొన్నేళ్ల కింద ఒక సంస్థకు మూడు నెలలు పనిచేశాను. రోజూ నాతో మాట్లాడిన మేనేజరుకు అన్నీ నచ్చాయి. చివర్లో ఆయన పై భాగస్వామి ఒకసారి చూసి, ఇదంతా మనకెందుకన్నారు. రెండో విడత డబ్బు రాలేదు. ఆ భాగస్వామి గొంతు నేను ఒక్కసారీ వినలేదు.

అలాగని "నిర్ణయం మీదేనా?" అని సూటిగా అడగకూడదు. ఎవరైనా నాదేనంటారు. అందుకని "పోయినసారి వ్యాపారానికి ఏదైనా పెద్ద వస్తువు కొన్నప్పుడు ఎవరెవరు కూర్చుని మాట్లాడుకున్నారు?" అంటాను. పచ్చళ్ల ఆవిడ పెద్ద గ్రైండరు సంగతి చెప్పారు. "మా తమ్ముడు డాలస్‌లో ఉంటాడు. డబ్బు వాడే పంపాడు, దీనికీ వాడే పెడతానన్నాడు." అయితే తమ్ముడితో మాట్లాడకుండా ముందుకెళ్లకూడదని అక్కడే రాసుకున్నాను.

ఇక సరంజామా. మా పనుల్లో ఆలస్యం ఎక్కువగా ఇక్కడి నుంచే వస్తుంది. 22 రకాల పచ్చళ్లు, ఒక్కోటి పావుకిలో, అరకిలో, కిలో. అంటే 66 ధరలు. ఆ పట్టిక ఎవరు రాసిస్తారు, ఎప్పటికి? ఫొటోలు ఉన్నాయా? "పంపిస్తాలే" అనే మాటను జవాబుగా తీసుకోకూడదు. "ఒక్క పచ్చడి ఫొటో, దాని మూడు ధరలు ఈ రాత్రికి వాట్సాప్ చేయగలరా?" అని అడిగాను. తొమ్మిదిన్నరకు గోంగూర ఫొటో వచ్చింది, ట్యూబులైటు వెలుగులో, స్టీలు గిన్నెలో. ఫొటో బాగాలేకపోయినా అన్న రోజున పంపారు, అది చాలు. ఆ వెంటనే మరో చిక్కూ బయటపడింది. గడువు ఏప్రిల్ సగానికి పెట్టారు, కొత్త ఆవకాయ జాడీలోకి వచ్చేది ఆ తర్వాతే. పాతదాన్ని ఫొటో తీస్తే నల్లగా వస్తుంది. ఆవకాయ ఫొటో లేకుండానే మొదలుపెట్టాలని ఒప్పుకున్నాం.

డబ్బు సంగతి అడగడానికి మనకు మొహమాటం. "మీ బడ్జెట్ ఎంత?" అంటే వాళ్లకూ ఇబ్బందే, తక్కువ చెబుతారు. అందుకే నేనే హద్దులు చెబుతాను: "ఇలాంటి పని నా దగ్గర 35 నుంచి 90 వేల మధ్య ఉంటుంది, సగం ముందు తీసుకుంటాను. ఈ మధ్యలో కుదురుతుందా?" కుదరనివాళ్లు అక్కడే చెప్పేస్తారు. "ముందు శాంపిల్ చేసి చూపించండి, డబ్బుదేముంది" అనేవాళ్లకు మర్యాదగా వద్దని చెబుతాను.

ఇంతకుముందు ఎవరితోనైనా చేయించారా అనీ అడగాలి. చేయించి ఉంటే, డొమైన్ ఎవరి పేరున ఉంది, లాగిన్ ఎవరి దగ్గరుంది? పాత మనిషి చేతిలో ఉండిపోయిన డొమైన్‌ను రాబట్టడానికే వారాలు పడుతుంది. పాతవాళ్లతో ఎక్కడ తేడా వచ్చిందని అడిగినప్పుడు, "ముగ్గురూ వెధవలే" అన్న ఒక్క మాట తప్ప వివరం రాకపోతే నాలుగోవాడిగా మనం దిగనక్కర్లేదు. పచ్చళ్ల ఆవిడకు ఈ గొడవ లేదు.

రెండు రోజుల తర్వాత రాత్రి ఎనిమిదిన్నరకు, అంటే డాలస్‌లో పొద్దున, ముగ్గురం మాట్లాడాం. తమ్ముడి మొదటి మాట: "అక్కకి యాప్ కావాలండీ." అక్క ఆ మాట ఎప్పుడూ అనలేదు. ఆయన్నూ అదే అడిగాను, యాప్ ఎందుకని. తన స్నేహితులు అమెరికా నుంచి ఆర్డరు పెట్టడానికట. అలాంటివి ఎన్ని వస్తున్నాయని అక్కను అడిగితే, నెలకు నాలుగైదు అన్నారు. వాటి కోసం ఆపిల్ స్టోరుకు ఏటా 99 డాలర్లు, గూగుల్ స్టోరుకు ఒకసారి 25 డాలర్లు, రెండు యాప్‌ల తయారీ, నిర్వహణ. ఫారం లింకు అమెరికాలోనూ తెరుచుకుంటుందని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "అక్క పని ముందు కానివ్వండి" అన్నారు.

ఫోన్ పెట్టేశాక విన్నదంతా పది వాక్యాల్లో రాసి ఇద్దరికీ పంపాను: ఏం చేస్తాను, ఏం చేయను, ధరల పట్టిక ఏ తేదీకి రావాలి, డబ్బు ఎన్ని విడతల్లో. మర్నాడు ఇద్దరూ సరేనన్నారు, సగం డబ్బు వచ్చింది. 35 వేల పని ఒప్పుకున్నాను. యాప్ మాత్రం ఒప్పుకోలేదు.