ఎఫ్‌డీని కదపకుండా అప్పు

తెనాలిలో ఒక ఉపాధ్యాయురాలు ఉన్నారనుకుందాం. కూతురి ఇంజినీరింగ్ ఫీజుకీ, హాస్టల్‌కీ కలిపి 3 లక్షలు వెంటనే కావాలి. బ్యాంకులో ఆమె పేరున 5 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. మూడేళ్ల గడువుకి 7 శాతం వడ్డీతో వేసినది, అందులో రెండేళ్లు గడిచిపోయాయి. జీతం ఖాతా ఉన్న బ్యాంకు నుంచి ‘మీకు పర్సనల్ లోన్ మంజూరైంది’ అని రోజూ మెసేజ్‌లు వస్తున్నాయి. ఫోన్‌లో నాలుగుసార్లు వేలు ఆనిస్తే డబ్బు ఖాతాలో పడుతుంది.

చాలామంది ఇక్కడే ఆ మెసేజ్ వైపు వెళ్తారు. ఎఫ్‌డీని కదిలించడం ఇష్టం ఉండదు. అది పిల్ల పెళ్లికనో, పెద్దవయసుకనో పక్కన పెట్టుకున్న సొమ్ము. దాన్ని విరగ్గొట్టకుండానే దానిమీద అప్పు తెచ్చుకోవచ్చన్న సంగతి మాత్రం బ్యాంకు కౌంటర్ దగ్గర మనంతట మనం అడిగితే తప్ప ఎవరూ గట్టిగా చెప్పరు.

ముందు పర్సనల్ లోన్ సంగతి చూద్దాం. వడ్డీ 14 శాతం, గడువు ఏడాది అనుకుంటే నెల వాయిదా సుమారు 26,900 రూపాయలు. ఏడాదిలో కట్టే వడ్డీ 23,200 దాకా అవుతుంది. దానికి ముందే ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం, దానిమీద జీఎస్టీ కలిపి 7,080 రూపాయలు కోసుకుంటారు. అంటే 3 లక్షల కోసం ఆమె వదులుకునేది 30 వేల పైచిలుకు. మనవాళ్లు లెక్కపెట్టే పద్ధతిలో చెప్పాలంటే 14 శాతం అంటే నెలకు నూటికి రూపాయి పదిహేడు పైసలు. చేబదులు మీద రెండు, మూడు రూపాయల వడ్డీ కట్టిన ఇళ్లకు ఇది చవగ్గానే కనిపిస్తుంది.

ఇక రెండో దారి. ఎఫ్‌డీ మీద అప్పిచ్చేటప్పుడు బ్యాంకులు సాధారణంగా డిపాజిట్‌కి తాము ఇచ్చే వడ్డీ కన్నా ఒకటి రెండు శాతం ఎక్కువ తీసుకుంటాయి. ఇక్కడ ఒక శాతం ఎక్కువే అనుకుంటే ఆమెకు 8 శాతం పడుతుంది. నూటికి అరవై ఏడు పైసలు. డిపాజిట్ విలువలో 90 శాతం వరకూ ఇవ్వడం మామూలు, కాబట్టి 5 లక్షల మీద నాలుగున్నర లక్షల దాకా దొరుకుతుంది. ఆమెకు కావలసింది 3 లక్షలే. అదే ఏడాదిలో, అలాగే నెలనెలా కట్టేస్తే వాయిదా 26,100, మొత్తం వడ్డీ 13,160 రూపాయలు. ప్రాసెసింగ్ ఫీజు చాలా బ్యాంకుల్లో ఉండదు. పర్సనల్ లోన్‌తో పోలిస్తే సుమారు 17 వేలు మిగులుతాయి. ఈలోగా డిపాజిట్ తన మానాన తను పెరుగుతూనే ఉంటుంది. మూడో ఏడాదిలోనే దానికి 41 వేల వడ్డీ చేరుతుంది.

బ్యాంకుకి ఇంత తక్కువ వడ్డీకి ఇవ్వడం ఎలా సాధ్యం? పర్సనల్ లోన్‌కి హామీ లేదు. మనిషి ఉద్యోగం పోతే బ్యాంకు డబ్బు మునగవచ్చు, ఆ భయం విలువే ఆ అదనపు వడ్డీ. ఎఫ్‌డీ విషయంలో ఆ డబ్బు ఇప్పటికే బ్యాంకు చేతిలో ఉంది. డిపాజిట్ మీద ‘లియన్’ అని ఒక గుర్తు వేస్తారు. అప్పు తీరేవరకూ దాన్ని మీరు తీసుకోలేరు, తీరకపోతే అందులోంచే బ్యాంకు పట్టుకుంటుంది. అందుకే జీతం చీటీలు, ఐటీ రిటర్నులు, హామీదారు సంతకాలు అడగాల్సిన పని ఉండదు. జాయింట్ డిపాజిట్ అయితే మాత్రం అందులో పేరున్న వాళ్లందరూ సంతకం పెట్టాలి.

మూడో దారి డిపాజిట్‌నే విరగ్గొట్టడం. ఇక్కడ నష్టం ఎక్కడినుంచి వస్తుందో తెలుసుకోవాలి. గడువుకి ముందే మూసేస్తే రాసుకున్న 7 శాతం ఇవ్వరు. డబ్బు నిజంగా ఎన్నాళ్లుందో ఆ కాలానికి వర్తించే రేటు తీసి, అందులోంచి అర శాతమో ఒక శాతమో జరిమానా తగ్గిస్తారు. రెండేళ్ల రేటు 6.8 అయి, జరిమానా ఒక శాతమైతే ఆమెకు దక్కేది 5.8 శాతం. అప్పటికి 5 లక్షల 74 వేలుగా ఉండాల్సిన డబ్బు 5 లక్షల 61 వేలే అవుతుంది. పోయింది 13,400. ఎఫ్‌డీ మీద అప్పు తీసుకుంటే ఏడాది మొత్తానికి అయ్యే వడ్డీ కూడా దాదాపు ఇంతే. కానీ అప్పు దారిలో 5 లక్షలు పూర్తి రేటుతో చెక్కుచెదరకుండా నిలబడతాయి.

అలాగని ప్రతిసారీ అప్పే మేలు కాదు. విరగ్గొట్టడం వల్ల వచ్చే నష్టం గడిచిపోయిన కాలాన్ని బట్టి పెరుగుతుంది. అప్పు ఖర్చు ముందున్న కాలాన్ని బట్టి పెరుగుతుంది. ఆమె డిపాజిట్ వేసి మూడు నెలలే అయి, ఆ కాలానికి జరిమానా పోను 4.5 శాతం దక్కితే, విరగ్గొట్టినందుకు నష్టం 3 వేల పైన మాత్రమే. అలాంటప్పుడు రెండు మూడేళ్లపాటు నిదానంగా తీర్చే అప్పు పెట్టుకోవడం కన్నా డిపాజిట్ మూసేసి, మిగిలింది మళ్లీ వేసుకోవడమే నయం. పాత డిపాజిట్, కొద్ది నెలల్లో తీరే అవసరం ఉన్నప్పుడే ఎఫ్‌డీ అప్పు బాగా కలిసొస్తుంది.

ఇంకో విషయం పన్ను. ‘ఏడు వస్తోంది, ఎనిమిది కడుతున్నాను, తేడా ఒక్క శాతమే’ అని బ్యాంకులో చెప్పే మాట సగమే నిజం. డిపాజిట్ మీద వచ్చే వడ్డీకి ఆదాయపు పన్ను కట్టాలి, టీడీఎస్ కూడా కోస్తారు. ఇంటి ఖర్చుకి తెచ్చిన అప్పు మీద కట్టే వడ్డీకి మినహాయింపు రాదు. 30 శాతం పన్ను శ్లాబులో ఉన్నవారికి ఆ 7 శాతంలో చేతికి మిగిలేది 5 శాతం కన్నా తక్కువ. నిజమైన తేడా ఒకటి కాదు, మూడు శాతం పైన. అయినా పర్సనల్ లోన్ కన్నా ఇది చవకే, కానీ ఊరికే వచ్చినట్టు అనుకోకూడదు.

ఈ అప్పుని ఓవర్‌డ్రాఫ్ట్ రూపంలో తీసుకుంటే మరో సౌకర్యం ఉంది. నాలుగున్నర లక్షల పరిమితి పెట్టించుకుని, ఇవాళ లక్షన్నర, రెండు నెలల తర్వాత మరో లక్షన్నర వాడుకోవచ్చు. వాడిన డబ్బుకి, వాడిన రోజులకే వడ్డీ. మధ్యలో జీతం వచ్చినప్పుడు కొంత జమ చేస్తే ఆ రోజు నుంచే వడ్డీ తగ్గుతుంది. పన్ను ఆదా కోసం ఐదేళ్లకు వేసే టాక్స్ సేవర్ డిపాజిట్ మీద మాత్రం ఈ అప్పు రాదు. దాన్ని తాకట్టు పెట్టే వీలు లేదు.

ఈ సౌకర్యంలోనే ప్రమాదం కూడా ఉంది. ఓవర్‌డ్రాఫ్ట్‌కి సాధారణంగా నెల వాయిదా ఉండదు. పర్సనల్ లోన్ అయితే ఐదో తారీఖుకల్లా ఖాతాలోంచి డబ్బు లాగేసుకుని మనిషిని కట్టించి తీరుతుంది. ఇక్కడ ఎవరూ అడగరు. నెలనెలా వడ్డీ అసలుకి కలిసిపోతూ ఉంటుంది. గడువు నాటికి డిపాజిట్ వస్తుందనుకుంటే అందులో సగం పైగా బ్యాంకు అప్పటికే పట్టుకుని ఉంటుంది. అందుకని తీసుకున్న రోజే వాయిదా మనమే నిర్ణయించుకుని, జీతం ఖాతా నుంచి దానికి స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఇచ్చేయడం మంచిది.

జీవిత బీమా పాలసీ మీద అప్పులో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. అక్కడ ఏళ్ల తరబడి ఎవరూ అడగరు.

పాలసీ మీద అప్పుకి లెక్క ‘సరెండర్ వాల్యూ’. అంటే ఇవాళ పాలసీ వదిలేస్తే కంపెనీ తిరిగిచ్చే మొత్తం. ఇది బీమా మొత్తమూ కాదు, కట్టిన ప్రీమియాల మొత్తమూ కాదు. మొదటి ఏళ్లలో ఇది చాలా తక్కువ ఉంటుంది. ‘5 లక్షల పాలసీ ఉంది కదా, నాలుగు లక్షలైనా ఇస్తారు’ అనుకుని వెళ్లినవాళ్లు నిరాశపడేది ఇందుకే. ప్రీమియం సక్రమంగా నడుస్తున్న ఎల్‌ఐసీ పాలసీల మీద సాధారణంగా సరెండర్ వాల్యూలో 90 శాతం వరకూ, మధ్యలో ఆపేసి పెయిడప్ అయిన వాటి మీద 80 శాతం వరకూ ఇస్తారు. టర్మ్ పాలసీలో పొదుపు భాగం ఉండదు కాబట్టి అప్పు రాదు. యూలిప్‌ల మీద అప్పుని నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ అనుమతించదు.

పదేళ్లుగా ప్రీమియం కడుతున్న ఎండోమెంట్ పాలసీకి సరెండర్ వాల్యూ 1 లక్షా 90 వేలు ఉందనుకోండి. అందులో 1 లక్షా 70 వేలు అప్పు తీసుకున్నారు. వడ్డీ 9.5 శాతం, ఆరు నెలలకోసారి అసలుకి కలుస్తుంది. పైసా కట్టకుండా వదిలేస్తే ఏడున్నరేళ్లలో అది రెట్టింపవుతుంది, అంటే 3 లక్షల 40 వేలు. మెచ్యూరిటీ రోజున వచ్చే చెక్కులోంచి అది కోతపడుతుంది. అంతకన్నా బాధాకరం, మధ్యలో పాలసీదారు చనిపోతే నామినీకి వచ్చే మొత్తంలోంచి కూడా ఈ బాకీ తీసేసి మిగిలిందే ఇస్తారు. భార్యకి చెప్పకుండా పెట్టిన అప్పు అయితే ఆమెకు ఆ సంగతి తెలిసేది ఆ రోజే.

అప్పు తీసుకున్నా ప్రీమియం ఆగదు, దాన్ని కడుతూనే ఉండాలి. ప్రీమియం సక్రమంగా నడుస్తున్నంత కాలం సరెండర్ వాల్యూ కూడా పెరుగుతుంది. డబ్బు ఇబ్బందిలో అప్పు తెచ్చుకున్నవాళ్లు ప్రీమియం కూడా ఆపేసినప్పుడే అసలు చిక్కు వస్తుంది. అలా ఆగిపోయిన పాలసీలో బాకీ పెరిగి సరెండర్ వాల్యూని దాటబోతుంటే, కంపెనీ పాలసీని మూసేసి డబ్బు సర్దేసుకునే హక్కు ఉంది. బీమా రక్షణ కూడా అంతటితో పోతుంది. కాబట్టి అసలు తీర్చలేకపోయినా ఆరు నెలలకోసారి వడ్డీ కట్టేస్తే బాకీ 1 లక్షా 70 వేల దగ్గరే ఆగుతుంది. ఆ వడ్డీ ఆరు నెలలకు సుమారు 8 వేలు.

కొద్ది వారాల అవసరానికి పాలసీ అప్పు పనికిరాదు. ఎల్‌ఐసీలో కనీసం ఆరు నెలల వడ్డీ కట్టాలి, రెండు నెలల్లో తీర్చేసినా అంతే. రెండు నెలల కోసం వాడుకునే డబ్బుకి ఎఫ్‌డీ ఓవర్‌డ్రాఫ్టే సరైనది.

దరఖాస్తు పెట్టేటప్పుడు పాలసీ బాండుని కంపెనీ పేరున అసైన్ చేయాల్సి ఉంటుంది. అప్పు కంపెనీ దగ్గరే తీసుకుంటే నామినేషన్ దీనివల్ల రద్దు కాదు. బ్యాంకులో తాకట్టు పెడితే మాత్రం అప్పు తీరాక పాలసీని తిరిగి మన పేరున రాయించుకోవాలి. నామినీ పేరు రికార్డులో ఉందో లేదో అప్పుడే అడిగి చూసుకోవడం అవసరం. ఎఫ్‌డీ అప్పు తీరిన రోజు కూడా ఇలాంటి పనే ఒకటి ఉంది. బాకీ సున్నా అయినంత మాత్రాన లియన్ దానంతట అదే పోతుందని నమ్మకుండా, నెట్ బ్యాంకింగ్‌లో డిపాజిట్ వివరాల్లో లియన్ మొత్తం ఎంతుందో చూసి, ఇంకా కనిపిస్తుంటే శాఖలో రాతపూర్వకంగా తీసేయమని అడగాలి.