ఏ మిషనుకు ఏ రిపేరు ఎక్కువ?

రైస్ మిల్లులో మిషను ఆగిందంటే ఫిట్టర్‌కు కబురు వెళ్తుంది. పని పూర్తయ్యాక ఎవరో ఒకరు రిజిస్టర్‌లోనో కంప్యూటర్‌లోనో ఒక వరుస రాస్తారు. దాన్నే వర్క్ ఆర్డర్ అంటారు. ఏ తేదీన, ఏ మిషను, ఏం పోయింది, ఎంతసేపు ఆగింది అన్నవి అందులో ఉంటాయి. సీజన్ ముగిసేసరికి అలాంటి వరుసలు వందల్లో చేరతాయి. అయినా "ఈ సీజన్లో మనల్ని ఎక్కువ ఆపింది ఏ మిషను? దేనివల్ల?" అని యజమాని అడిగితే రిజిస్టర్ తిరగేసి చెప్పడం కష్టం. అందరికీ గుర్తుండేది మొన్న జరిగిన బ్రేక్‌డౌనో, బాగా ఖర్చు పెట్టించిన బ్రేక్‌డౌనో మాత్రమే. ఈ ప్రశ్నకు లెక్కతో జవాబిచ్చే సాధనం స్ప్రెడ్‌షీట్‌లోనే ఉంది. అదే పివట్ టేబుల్.

లెక్క అర్థం కావడానికి ఒక ఊహా మిల్లును తీసుకుందాం. ఆరు నెలల్లో 212 వర్క్ ఆర్డర్లు ఎక్సెల్‌లో ఉన్నాయి. ఒక్కో ఆర్డర్‌కు ఒక్కటే వరుస. తేదీ, మిషను, పని రకం, లోపం, ఆగిన నిమిషాలు, వివరం అని ఆరు నిలువు వరుసలు. పని రకంలో రెండే మాటలు ఉంటాయి: బ్రేక్‌డౌన్, ముందుగా అనుకున్న పని.

ఆ పట్టికలో ఎక్కడైనా క్లిక్ చేసి Ctrl+T నొక్కితే అది టేబుల్ అవుతుంది. రేపు కింద కొత్త వరుసలు రాసినా అవి లెక్కలో చేరడానికి ఇది అవసరం. తర్వాత Insert లో PivotTable ఎంచుకుంటే ఖాళీ షీటు, దాని పక్కన నాలుగు గడులు వస్తాయి. మిషనును Rows గడిలోకి, లోపాన్ని Columns లోకి, మళ్లీ లోపాన్నే Values లోకి లాగి వదలాలి. ఏ మిషనుకు ఏ లోపం ఎన్నిసార్లు వచ్చిందో క్షణంలో తెరమీద కనిపిస్తుంది.

ఆ మొదటి పట్టికను చూసి నిర్ణయం తీసుకోకూడదు. మన ఊహా మిల్లులో అది షెల్లర్‌ను 74 ఆర్డర్లతో అన్నిటికంటే పైన చూపిస్తుంది. ఆ 74లో 58 రబ్బర్ రోల్ మార్పులే. వడ్ల పొట్టు తీసే పనిలో రోల్ అరగడం సహజం, మార్చడం మామూలు పని. దాన్ని బ్రేక్‌డౌన్‌తో కలిపితే బాగా నడుస్తున్న మిషనుకే చెడ్డపేరు వస్తుంది. అందుకే పని రకాన్ని Filters గడిలో పెట్టి, బ్రేక్‌డౌన్‌ను మాత్రమే ఎంచుకోవాలి. అప్పుడు 120 ఆర్డర్లు మిగులుతాయి.

| మిషను | జామ్ | బెల్టు | బేరింగ్ | ఎలక్ట్రికల్ | మొత్తం |
|---|---|---|---|---|---|
| ఎలివేటర్-2 | 21 | 4 | 7 | 2 | 34 |
| వైట్నర్ | 3 | 8 | 6 | 9 | 26 |
| సార్టెక్స్ | 5 | 0 | 0 | 14 | 19 |
| షెల్లర్ | 2 | 7 | 3 | 4 | 16 |
| డ్రైయర్ | 3 | 2 | 6 | 4 | 15 |
| ఎలివేటర్-1 | 4 | 3 | 1 | 2 | 10 |
| మొత్తం | 38 | 24 | 23 | 35 | 120 |

షెల్లర్ నాలుగో స్థానానికి దిగింది, ఎలివేటర్-2 పైకి వచ్చింది. అందులోనూ జామ్ 21 సార్లు. అయితే మొదట పట్టించుకోవలసింది జామేనా? ఎన్నిసార్లు ఆగిందన్నది ఒక లెక్క, ఎంతసేపు ఆగిందన్నది మరో లెక్క. Values గడిలో లోపం తీసేసి ఆగిన నిమిషాలు పెడితే ఆ రెండో లెక్క వస్తుంది. ఎలివేటర్-2లో 21 జామ్‌లకు కలిపి 420 నిమిషాలు, అంటే ఏడు గంటలు పోయాయి. బేరింగ్ ఏడుసార్లే పోయినా 1,470 నిమిషాలు, అంటే ఇరవై నాలుగున్నర గంటలు పట్టింది. జామ్‌ను ఇరవై నిమిషాల్లో తీసేస్తారు. బేరింగ్ మార్చాలంటే సగటున మూడున్నర గంటలు మిల్లు ఆగుతోంది. కూలీలను విసిగించేది జామ్, మిల్లు గంటలను తినేది బేరింగ్.

ఇక్కడ ఒక చిక్కు తరచుగా వస్తుంది. నిమిషాల కాలమ్‌లో ఎవరైనా "2 గంటలు" అని అక్షరాల్లో రాస్తే ఎక్సెల్ మొత్తం కూడకుండా ఎన్ని గడులు నిండాయో లెక్కపెడుతుంది. శీర్షికలో Sum of బదులు Count of అని ఉంటే అదే జరిగిందని తెలుసుకోవాలి. దాన్ని Sum కు మార్చినంత మాత్రాన సరిపోదు. అక్షరాల్లో ఉన్న గంటలు కూడికలోకి రావు. అసలు పట్టికకు వెళ్లి 120 అని అంకెల్లో దిద్దాలి.

పట్టికలోని ఏ అంకె మీదైనా రెండుసార్లు క్లిక్ చేస్తే దాని వెనక ఉన్న వర్క్ ఆర్డర్లు కొత్త షీటులో తెరుచుకుంటాయి. బేరింగ్ సంఖ్య 7 మీద అలా క్లిక్ చేశామనుకుందాం. ఏడింటిలో ఐదు ఎలివేటర్ అడుగున, దుమ్మూ తవుడూ పేరుకునే బూటు వైపు పోయినవే. ప్రతిసారీ అదే రకం బేరింగ్ తెచ్చి బిగించారు. ఇప్పుడు ఫిట్టర్ చూడాల్సిన చోటు తెలిసింది: బూటు వైపు సీలు, షాఫ్టు అలైన్‌మెంటు, గ్రీజు పెట్టే తీరు. కారణం ఈ మూడింటిలో ఏదో పట్టిక చెప్పదు, మిషను విప్పినవాళ్లే చెప్పాలి.

ఇదే పద్ధతిలో వైట్నర్ దగ్గరున్న ఎలక్ట్రికల్ 9ని తెరిస్తే మరో సంగతి బయటపడుతుంది. అందులో ఆరు ఓవర్‌లోడ్ రిలే ట్రిప్పులు. జల్లెడకు తవుడు పట్టేసి లోడు పెరిగింది, రిలే తన పని తాను చేసి మోటారును ఆపింది. వచ్చి రీసెట్ చేసింది ఎలక్ట్రీషియన్ కాబట్టి లోపం కింద "ఎలక్ట్రికల్" అని రాశారు. నిజానికి అవి జామ్‌లు. వాటిని సరిదిద్దితే వైట్నర్‌లో జామ్ 9కి పెరుగుతుంది, ఎలక్ట్రికల్ 3కి తగ్గుతుంది. దిద్దకపోతే బాగున్న మోటారును విప్పి చూస్తూ కూర్చుంటారు. అందుకే లోపం కాలమ్‌లో రాయాల్సింది ఎవరు వచ్చారన్నది కాదు, పని ముగిశాక తేలిన కారణం. "మోటారు ఆగింది" అన్నది కూడా అక్కడ పనికిరాదు. అది బయటికి కనిపించిన లక్షణమే.

రాతలో తేడా ఉన్నా లెక్క చెదురుతుంది. బేరింగ్, బేరింగు, బేరింగ్ పోయింది అని మూడు విధాలుగా రాస్తే పివట్ టేబుల్ వాటిని మూడు వేర్వేరు లోపాలుగా చూపిస్తుంది. మాట చివర కంటికి కనబడని స్పేస్ ఉన్నా ఇంకో కాలమ్ పుడుతుంది. ఒకే లోపం పట్టికలో రెండుచోట్ల కనిపిస్తే ఇదే కారణం. Data Validation లో List పెట్టి, ఐదారు లోపాల్లోంచి ఒకదాన్ని ఎంచుకునేలా చేస్తే ఈ బెడద పోతుంది. ఇంకా ఎక్కువ పేర్లు పెడితే షిఫ్టు చివర అలసిపోయిన మనిషి మొదట కనబడిందే నొక్కుతాడు. వివరమంతా రాయడానికి పక్కన వేరే కాలమ్ ఉండనే ఉంది.

చివరగా రెండు జాగ్రత్తలు. ఎక్సెల్‌లో కొత్త ఆర్డర్లు రాశాక Data లో Refresh All నొక్కకపోతే మామూలుగా పాత అంకెలే ఉంటాయి. రెండోది, ఎలివేటర్-1 రోజుకు ఎనిమిది గంటలు, ఎలివేటర్-2 ఇరవై గంటలు నడుస్తుంటే 10, 34 అనే సంఖ్యలను నేరుగా పోల్చడం న్యాయం కాదు. నడిచిన గంటలతో భాగించి చూడాలి.

మీ మిల్లులోనో వర్క్‌షాపులోనో ఇప్పటికే ఉన్న రిజిస్టర్‌లోంచి ఒక్క నెల ఆర్డర్లు తీసుకుని ఇలా వేసి చూడండి. సంఖ్యతో ఒక పట్టిక, నిమిషాలతో ఒక పట్టిక పక్కపక్కన పెట్టండి. నిమిషాల పట్టికలో అన్నిటికంటే పెద్ద అంకెను తెరిచి, ఆ ఆర్డర్ల ప్రింటు ఫిట్టర్ చేతికి ఇవ్వండి. వచ్చే నెల పని అక్కడి నుంచి మొదలుపెట్టండి.