పదకొండో వార్డు ఇల్లు ఒకటో వార్డులోకి ఎలా వచ్చింది?

పంచాయతీ ఆఫీసులో ఇంటి పన్ను జాబితాను ఎక్సెల్‌లో ఎక్కించేవాళ్లకు ఒక చిక్కు తప్పదు. ఇంటి నంబరు 1-2 అని కొట్టి ఎంటర్ నొక్కగానే అది ఫిబ్రవరి 1గా మారిపోతుంది. మన దేశపు సెట్టింగులున్న కంప్యూటర్‌లో గీత పెట్టి రెండు చిన్న అంకెలు రాస్తే ఎక్సెల్ దాన్ని తేదీ అనుకుంటుంది. కంగారుపడి ఆ తర్వాత సెల్‌ను టెక్స్ట్‌గా మార్చినా లాభం ఉండదు. 2026లో కొట్టినదైతే అక్కడ 46054 అనే సంఖ్య కనిపిస్తుంది. ఆ తేదీకి ఎక్సెల్ లోపల పెట్టుకున్న వరుస సంఖ్య అది. అందుకే అనుభవం ఉన్న ఆపరేటర్లు నంబర్లు కొట్టకముందే కాలమ్ మొత్తాన్ని Text ఫార్మాట్‌లో పెడతారు. తేదీల గొడవ అక్కడితో తీరుతుంది. రెండో గొడవ అక్కడే మొదలవుతుంది.

అన్ని ఇళ్లూ ఎక్కించి, వరుసలో పెడదామని సార్ట్ నొక్కితే 1-1 తర్వాత 1-2 రాదు. 1-10 వస్తుంది. 1-11, 1-12 కూడా దాటాక ఎప్పటికో 1-2 కనిపిస్తుంది.

కారణం చెప్పాలంటే ముందు ఒక తేడా గుర్తించాలి. కంప్యూటర్‌కు పది అనే విలువ వేరు, ఒకటి పక్కన సున్నా రాసిన రాత వేరు. టెక్స్ట్‌గా దాచినప్పుడు దాని దగ్గర ఉండేది రాత మాత్రమే. రెండు రాతలను పోల్చడానికి అది నిఘంటువులో మాటలు పేర్చే పద్ధతినే వాడుతుంది: ఎడమ చివర మొదలుపెట్టి ఒక్కో అక్షరం చూస్తూ పోవడం, తేడా కనిపించిన చోటే తీర్పు చెప్పేయడం. అంకెలకూ అక్షరాల్లాగే కోడ్‌లున్నాయి. సున్నాకు 48, ఒకటికి 49, రెండుకు 50, అలా తొమ్మిదికి 57. ఇప్పుడు 10నీ 2నీ పక్కపక్కన పెడితే మొదటి అక్షరాలు 1, 2. ఒకటి చిన్నది కాబట్టి 10 ముందుకు వెళ్తుంది. దాని వెనక ఉన్న సున్నాను కంప్యూటర్ చూడనే చూడదు. 1నీ 10నీ పోలిస్తే మొదటి అక్షరం రెండింటిలోనూ ఒకటే, ఆపైన 1 అయిపోయింది. ముందు అయిపోయినది ముందు వస్తుంది. 1, 10, 2 అనే వరుస ఇలా పుడుతుంది. కంప్యూటర్ లెక్క తప్పలేదు, అసలు లెక్కే చెయ్యలేదు.

ఎక్సెల్ దీనికి తోడు ఇంకో పని చేస్తుంది. టెక్స్ట్‌ను సార్ట్ చేసేటప్పుడు మధ్యలో ఉన్న గీతలను లెక్కలోకి తీసుకోదు. దాని కంటికి 1-11 అన్నా 11-1 అన్నా 111 మాత్రమే. అందువల్ల 1, 2, 11 వార్డుల్లోని ఎనిమిది ఇళ్ల జాబితా ఇలా తయారవుతుంది:

```
1-1
1-10
1-11
11-1
1-12
11-2
1-2
2-1
```

పదకొండో వార్డు ఇళ్లు ఒకటో వార్డు మధ్యలో చొరబడ్డాయి చూడండి. ఈ జాబితా పట్టుకుని వసూలుకు బయల్దేరిన బిల్ కలెక్టర్ ఊరి ఈ చివరి నుంచి ఆ చివరికి ఎన్నిసార్లు తిరగాలో ఆలోచించండి.

దీనికి మందు అంకెల ముందు సున్నాలు చేర్చడం. వార్డుకు రెండు స్థానాలు, ఇంటికి మూడు స్థానాలు అనుకుంటే 1-2 కాస్తా 01-002 అవుతుంది, 1-10 కాస్తా 01-010, 11-1 కాస్తా 11-001. అన్ని రాతలూ ఒకే పొడవుకు వచ్చాక ఒకట్ల కింద ఒకట్లు, పదుల కింద పదులు నిలబడతాయి. అక్షరాల వరుస, అంకెల వరుస ఒకటే అయిపోతాయి. ఎక్సెల్ గీతను వదిలేసినా ఇబ్బంది లేదు, 01002 ఎప్పుడూ 01010 కంటే ముందే ఉంటుంది. నంబర్లు A కాలమ్‌లో ఉంటే, పక్కన ఖాళీగా, General ఫార్మాట్‌లో ఉన్న కాలమ్‌లో ఈ సూత్రం రాసి కిందిదాకా లాగితే సరిపోతుంది:

```
=TEXT(LEFT(A2,FIND("-",A2)-1),"00")&"-"&TEXT(MID(A2,FIND("-",A2)+1,9),"000")
```

గీతకు ఎడమ పక్కనున్నదాన్ని రెండు స్థానాలకు, కుడి పక్కనున్నదాన్ని మూడు స్థానాలకు నింపమని దీని అర్థం. తర్వాత జాబితా మొత్తాన్ని ఎంచుకుని ఈ కొత్త కాలమ్ ప్రకారం సార్ట్ చెయ్యాలి. పాత కాలమ్‌ను మాత్రం చెరపకూడదు. రశీదు మీద ఉండాల్సింది 1-2 గానీ 01-002 కాదు. పైగా కంప్యూటర్‌కు ఆ రెండూ వేర్వేరు రాతలు కాబట్టి, ఒక ఫైలులో ఒకటి, ఇంకో ఫైలులో ఇంకొకటి ఉంటే రెండింటినీ జత కలపడం కుదరదు.

స్థానాలు ఎన్నో ముందే తేల్చుకోవాలి. ఇళ్లు తొంభై దాటవులే అని రెండు స్థానాలతో సరిపెడితే, నూరో ఇల్లు కట్టిన రోజున 100 వెళ్లి 10కీ 11కీ మధ్య కూర్చుంటుంది. ఉప నంబర్ల దగ్గరా జాగ్రత్త అవసరం. 1-2/3 లాంటి నంబరు తగిలితే పై సూత్రం ఆ 2/3ను మళ్లీ తేదీగా చదువుతుంది, అయిదంకెల సంఖ్య ఒకటి బయటపడుతుంది. ఉప నంబర్లు ఎక్కువున్న ఊళ్లో వార్డు, ఇల్లు, ఉప నంబరు మూడూ మూడు కాలమ్‌లలో మొదటి నుంచే విడిగా రాసుకోవడమే నయం. నన్నడిగితే చిన్న ఊరికైనా అదే మేలు.

ఇదే జాబితాలో పన్ను మొత్తాల కాలమ్ సంగతి వేరు. వేరే చోటి నుంచి కాపీ చేసి అతికించిన మొత్తాలు చాలాసార్లు టెక్స్ట్‌గానే వచ్చి పడతాయి. అప్పుడు 95, 350, 1200 అనే మూడు మొత్తాలు చిన్నది ముందు రావాల్సిన సార్ట్‌లో 1200, 350, 95 అని తలకిందులుగా వస్తాయి. గుర్తుపట్టడం కష్టం కాదు. నిజమైన సంఖ్యలు సెల్‌లో కుడి అంచుకు, టెక్స్ట్ ఎడమ అంచుకు ఆనుకుంటాయి, సెల్ మూలన చిన్న ఆకుపచ్చ త్రికోణం కనబడుతుంది, కింద SUM వేస్తే సున్నా వస్తుంది. సగం సంఖ్యలు, సగం టెక్స్ట్ కలిసిపోయి ఉంటే సార్ట్ చేశాక వరుస ఒకసారి ముగిసి కింద మళ్లీ మొదటి నుంచి మొదలైనట్టు ఉంటుంది.

ఇక్కడ సున్నాలు చేర్చడం పనికిరాదు. వీటిని కూడాలి, తీసెయ్యాలి, కాబట్టి సంఖ్యలుగానే మార్చాలి. సెల్స్ ఎంచుకుని, పక్కన వచ్చే పసుపు గుర్తు నొక్కి Convert to Number అంటే పని అయిపోతుంది. లేదంటే పక్క కాలమ్‌లో =VALUE(B2) రాయవచ్చు. VALUE తప్పు చూపిస్తే అంకె ముందు "రూ." అని ఉందేమో, వెనక కంటికి కనబడని ఖాళీ దాగి ఉందేమో చూడాలి. వెబ్ పేజీల నుంచి వచ్చే ఒక రకం ఖాళీ మామూలు TRIMకు లొంగదు. దాన్ని ఇలా తీసెయ్యాలి:

```
=VALUE(SUBSTITUTE(B2,CHAR(160),""))
```

జాబితాలో బ్యాంకు ఖాతా నంబర్ల కాలమ్ కూడా ఉంటే దాని జోలికి మాత్రం పోకండి. అక్కడా ఆకుపచ్చ త్రికోణాలు కనిపిస్తాయి, మార్చమని ఊరిస్తాయి. కానీ ఖాతా నంబరు రూపంలో అంకెలే అయినా ఎవరూ కూడేదీ, తీసేదీ కాదు. సంఖ్యగా మారిస్తే ముందున్న సున్నాలు రాలిపోతాయి. ఎక్సెల్ ఒక సంఖ్యలో 15 అంకెలదాకానే సరిగ్గా ఉంచుకుంటుంది. అంతకంటే పొడవైన ఖాతా నంబరును సంఖ్యగా మార్చి ఫైలు సేవ్ చేస్తే పదహారో అంకె నుంచి అన్నీ సున్నాలైపోతాయి, మళ్లీ టెక్స్ట్‌గా మార్చినా పాత అంకెలు తిరిగిరావు.