చివరి వరుసకి మంచి గాలి అందేదెలా?

మామూలు లెక్చర్ హాల్లో ఏసీ గాలి సీలింగ్ నుంచి 13, 14 డిగ్రీల చల్లదనంతో వేగంగా దిగి, గదిలోని గాలినంతా కలిపేస్తుంది. ఒకరి ఊపిరిని అందరికీ పంచుతుంది. డిస్‌ప్లేస్‌మెంట్ వెంటిలేషన్ పద్ధతి వేరు. ఇందులో గాలిని సీట్ల కింది రంధ్రాల నుంచి నెమ్మదిగా వదులుతారు. అది నీళ్లలా నేలమీద పరుచుకుంటుంది. మనిషి ఒంటి వేడికి పక్కనున్న గాలి తేలికపడి, ఊపిరిని కూడా మోసుకుంటూ తల మీదుగా పైకి లేస్తుంది. ఈ ప్రవాహం పేరు ప్లూమ్. సీలింగ్ దగ్గర ఆ గాలిని బయటికి లాగేస్తారు.

200 సీట్ల హాలు తీసుకుందాం. ఒక్కొక్కరి నుంచి గాలికి చేరే వేడి సుమారు 75 వాట్లు, మొత్తం 15 కిలోవాట్లు. మనిషికి సెకనుకు 10 లీటర్ల గాలి ఇస్తే, అది పైకి చేరేలోగా 6 డిగ్రీల పైచిలుకు వేడెక్కుతుంది. 20 దగ్గర వదిలింది 26 దగ్గర బయటికి పోతుంది. అందులో దాదాపు సగం పెరుగుదల నేల దగ్గరే జరిగిపోతుంది కాబట్టి పాదాల దగ్గర 23 ఉంటుంది. అదే 16 దగ్గర వదిలితే పాదాల దగ్గర 19కి పడిపోయి కాళ్లు లాగుతాయి. అందుకే 18 కంటే తగ్గించరు. పాదానికీ తలకీ మధ్య తేడా 3 డిగ్రీలు దాటకూడదన్నది మరో హద్దు.

ప్లూమ్ పైకి వెళ్లేకొద్దీ చుట్టుపక్కల గాలిని లాక్కుని లావెక్కుతుంది. ప్లూములన్నీ మోసే గాలి, కింద నుంచి ఇచ్చే గాలితో సమానమయ్యే ఎత్తులో ఒక హద్దు ఏర్పడుతుంది. దానికింద శుభ్రమైన గాలి, పైన వాడిన గాలి. మనిషికి 10 లీటర్లయితే ఆ హద్దు కూర్చున్నవారి తల దగ్గర, సుమారు 1.1 మీటర్ల ఎత్తున నిలుస్తుంది. 15 లీటర్లకు పెంచినా అది పైకి జరిగేది 20 సెంటీమీటర్ల మేరకే.

మెట్లుగా కట్టిన హాల్లో చిక్కు ఇక్కడే. చివరి వరుస ముందు వరుసకంటే రెండు మూడు మీటర్లు పైన ఉంటుంది. చల్లగాలి మెట్ల మీదుగా కిందికి జారిపోతుంది, ముందువాళ్ల వాడిన గాలి వెనకవాళ్ల ముఖాల దాకా చేరుతుంది. ఫ్యాను వేగం పెంచినంత మాత్రాన ఇది తీరదు. ప్రతి వరుస సీట్ల కిందా గాలి సమానంగా రావాలి, సీలింగ్ చివరి వరుస తలలకు బాగా పైన ఉండాలి. ఇది కట్టడం గీతల్లోనే తేలాల్సిన విషయం.

హైదరాబాద్ వానాకాలంలో ఇంకో పని ఉంది. తేమ తీయడానికి గాలిని ముందు 12, 13 డిగ్రీలకు చల్లబరచి, గదిలోంచి తీసిన వెచ్చని గాలి కలిపి 20కి తేవాలి. కాయిల్ నుంచి వచ్చిన గాలిని అలాగే సీట్ల కిందికి పంపితే పాదాలు ఊరుకోవు.

పద్ధతి పనిచేస్తోందో లేదో తెలుసుకోవాలంటే, హాలు నిండాక చివరి వరుసలో ముక్కు ఎత్తున కార్బన్ డయాక్సైడ్ కొలిచి, సీలింగ్ దగ్గరి కొలతతో పోల్చాలి. రెండూ ఒకటే అయితే ఆ వరుస వాడిన గాలిలో కూర్చున్నట్టే.