నాలుగు దీపాలా, పదహారు దీపాలా?

పదహారు గదుల ఇంట్లో ఒక మనిషి తిరుగుతున్నాడు. అతను ఏ గదిలో ఉన్నాడో బయటివాళ్లకు తెలియాలంటే రెండు దారులున్నాయి. గదికో దీపం పెట్టి, ఉన్న గదిలో దీపం వెలిగించి మిగతావి ఆర్పేయడం ఒకటి. గుమ్మం దగ్గర నాలుగే దీపాలు పెట్టి, ఏవి వెలిగాయో ఏవి ఆరాయో చూసి గది సంఖ్య లెక్కగట్టుకోవడం రెండోది. నాలుగు దీపాలతో సరిగ్గా పదహారు రకాల కలయికలు వస్తాయి. మొదటిదాన్ని చిప్‌లు రూపొందించేవాళ్లు వన్-హాట్ అంటారు, రెండోదాన్ని బైనరీ. దీపం అంటే ఇక్కడ ఫ్లిప్‌ఫ్లాప్, అంటే ఒక్క బిట్‌ను గుర్తుంచుకునే చిన్న సర్క్యూట్.

గదుల ఇల్లు ఊహించి చెప్పింది కాదు. దాదాపు ప్రతి పెద్ద చిప్‌లోనూ ఉంటుంది. బోర్డు మీది అతుకులను పరీక్షించడానికి 1990లో వచ్చిన ఐఈఈఈ 1149.1 ప్రమాణం, అందరూ జేటాగ్ అని పిలిచేది, సరిగ్గా పదహారు స్థితులున్న ఒక యంత్రాన్ని నిర్దేశించింది. దాన్ని నడిపించే సంకేతం టీఎంఎస్ ఒక్కటే. గడియారం కొట్టిన ప్రతిసారీ టీఎంఎస్ 0 అయితే ఒక గదికి, 1 అయితే ఇంకో గదికి వెళ్తుంది. స్థితి యంత్రం అంటే అంతే: ఇప్పుడు ఎక్కడున్నాం, ఏ సంకేతం వచ్చింది, తర్వాత ఎక్కడికి.

ఎఫ్‌పీజీఏ మీద పనిచేసేవాళ్లకు మొదట్లోనే అందే సలహా ఒకటుంది: ఫ్లిప్‌ఫ్లాప్‌లు కావలసినన్ని ఉన్నాయి, వన్-హాట్ వాడు, వేగంగా ఉంటుంది. సలహా తప్పేమీ కాదు. కానీ అది ఎక్కడ పుట్టిందో తెలియకపోతే ఎక్కడ చెల్లదో కూడా తెలియదు.

ఎఫ్‌పీజీఏలో గేట్లను విడివిడిగా పేర్చరు. లుక్అప్ టేబుల్ అనే చిన్న పట్టికలు వేల సంఖ్యలో సిద్ధంగా ఉంటాయి, ఒక్కోదాని పక్కన ఒకటో రెండో ఫ్లిప్‌ఫ్లాప్‌లు. పాత ఎఫ్‌పీజీఏల్లో పట్టికకు సాధారణంగా నాలుగు ఇన్‌పుట్‌లు ఉండేవి. ఐస్40 వంటి చిన్న చిప్‌లలో ఇప్పటికీ అంతే. నాలుగు ఇన్‌పుట్‌లలో ఇమిడే లెక్క ఎంత చిక్కుదైనా ఒక్క పట్టికతో అయిపోతుంది. ఐదో ఇన్‌పుట్ చేరితే మాత్రం పట్టిక మీద పట్టిక పెట్టాలి. సంకేతం రెండు అంచెలు దాటాలి, మధ్యలో తీగల ప్రయాణం అదనం. వేగం తగ్గేది అక్కడే.

ఇప్పుడు జేటాగ్ యంత్రాన్ని ఆ పట్టికల్లో కూర్చోబెడదాం. బైనరీలో నాలుగు బిట్లు. తర్వాతి గడియకు ఒక్కో బిట్ ఏమవ్వాలో తేల్చాలంటే పాత నాలుగు బిట్లూ, టీఎంఎస్ కలిపి ఐదింటిని చూడాలి. నాలుగు ఇన్‌పుట్‌ల పట్టిక చాలదు. బిట్‌కు గరిష్ఠంగా మూడు పట్టికలు, మొత్తం పన్నెండు లోపు, రెండంచెల ఆలస్యం. వన్-హాట్‌లో ప్రతి గదీ తనలోకి వచ్చే తలుపులను మాత్రమే చూసుకుంటుంది. షిఫ్ట్-డీఆర్ అనే గదిలోకి మూడు చోట్ల నుంచే రాగలం:

```
n_shift_dr = ~tms & (capture_dr | shift_dr | exit2_dr);
```

నాలుగే ఇన్‌పుట్‌లు, ఒకే పట్టిక. పదహారు గదుల్లో పదిహేనింటి సంగతి ఇంతే, కొన్నింటికైతే రెండు ఇన్‌పుట్‌లే చాలు. రన్-టెస్ట్/ఐడిల్ ఒక్కదానికి నాలుగు తలుపులూ టీఎంఎస్ కలిపి ఐదు కావాలి కాబట్టి ఇంకో పట్టిక అదనం. మొత్తం పదిహేడు పట్టికలు, దాదాపు అన్నీ ఒకే అంచె. చోటు కొంచెం ఎక్కువ, వేగం ఎక్కువ. పాత సలహా నిజమైంది.

2006లో జైలింక్స్ వర్టెక్స్-5తో ఆరు ఇన్‌పుట్‌ల పట్టికలు తెచ్చింది. అక్కడ మన బైనరీ లెక్కకు కావలసిన ఐదు ఇన్‌పుట్‌లు ఒకే పట్టికలో హాయిగా పడతాయి. నాలుగు పట్టికలు, నాలుగు ఫ్లిప్‌ఫ్లాప్‌లు, ఒకే అంచె. అదే యంత్రానికి వన్-హాట్ పెడితే ఫ్లిప్‌ఫ్లాప్‌లు పదహారవుతాయి కానీ, స్థితి మారే లెక్కలో వేగం పెరగదు. ఇప్పుడు షిఫ్ట్-డీఆర్‌లో ఉన్నామా అని మిగతా సర్క్యూట్ అడిగితే వన్-హాట్ ఒక్క తీగతో జవాబిస్తుంది, బైనరీ నాలుగు బిట్లు చూసి చెప్పాలి. ఆ మేలు మాత్రం మిగిలింది.

అందుకే నేను స్థితుల సంఖ్య కన్నా ముందు ఇన్‌పుట్‌లను లెక్కపెట్టమంటాను. ఇరవై నాలుగు స్థితులు, పది బయటి సంకేతాలు ఉన్న యంత్రమైతే బైనరీలో ఒక్కో బిట్ పదిహేనింటి దాకా చూడాల్సి రావచ్చు. వన్-హాట్‌లో ఒక గదికి రెండు మూడు తలుపులు, ఒకటి రెండు షరతులు ఉంటే పని ఐదారు ఇన్‌పుట్‌లతో తీరిపోతుంది. అక్కడ వన్-హాట్‌కు ఎదురు లేదు. ఎఫ్‌పీజీఏ కాక సొంత సిలికాన్ మీద చిప్ చేసేవాళ్ల లెక్క వేరు. రెండు ఇన్‌పుట్‌ల నాండ్ గేట్‌కు నాలుగు ట్రాన్సిస్టర్లు చాలు, ఫ్లిప్‌ఫ్లాప్‌కు ఇరవై పైచిలుకు కావాలి. పన్నెండు ఫ్లిప్‌ఫ్లాప్‌లు ఊరికే రావు.

వేగం, చోటు సరే. ఈ యంత్రంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది మరొకటి. జేటాగ్‌కు ఒక హామీ ఉంది: ఎక్కడున్నా సరే, టీఎంఎస్‌ను 1గా ఉంచి ఐదుసార్లు గడియారం కొడితే టెస్ట్-లాజిక్-రీసెట్ గదికి చేరిపోవాలి. విడిగా రీసెట్ తీగ ఉండాలన్న నియమం లేదు కనుక ఈ హామీయే దిక్కు.

బైనరీలో పదహారు కలయికలూ పదహారు గదులకు సరిపోయాయి, పనికిరాని కలయిక ఒక్కటీ మిగల్లేదు. ఏ బిట్ తారుమారైనా యంత్రం వేరే గదిలో తేలుతుందే తప్ప ఇంటి బయట పడదు. ఐదు గడియలు కొడితే తిరిగొస్తుంది. వన్-హాట్‌లో పదహారు బిట్లకు 65,536 కలయికలు, అందులో చెల్లేవి పదహారే. పొరపాటున రెండు దీపాలు వెలిగితే, చిత్రంగా, ప్రమాదం తక్కువ. రెండూ ఎవరి దారిన అవి నడిచి ఐదు గడియల్లోపు రీసెట్ గదిలో కలిసిపోతాయి. ఒక్క దీపమూ వెలగకపోతే? పై సమీకరణంలో కుడివైపు అన్నీ సున్నాలే, జవాబూ సున్నాయే. ఐదు కాదు, ఐదు వేల గడియలు కొట్టినా ఇల్లు చీకటిగానే ఉంటుంది.

అలా ఎందుకవుతుందంటే, రేడియేషనే తగలక్కర్లేదు. యంత్రం పాజ్-డీఆర్‌లో ఉన్నప్పుడు సరిగ్గా గడియారం అంచు దగ్గరే టీఎంఎస్ 0 నుంచి 1కి మారిందనుకోండి. ఆ మార్పు పాజ్ ఫ్లిప్‌ఫ్లాప్‌కు ముందే అంది, అది ఆరిపోయింది. ఎగ్జిట్2కు ఒక వెంట్రుకవాసి ఆలస్యంగా అందింది, అది వెలగలేదు. దీపం దారిలోనే పోయింది. తీగ పొడవెక్కువైన పరీక్ష బల్లల మీద ఇది జరగని పని కాదు. లక్షణం ఒకటే: చిప్ ఉన్నట్టుండి మాట్లాడటం మానేస్తుంది, కరెంటు తీసి పెడితే మళ్లీ మామూలే.

కోడ్‌లో `default` రాశాను కదా అని ధీమాగా ఉంటారు. కానీ సింథసిస్ సాఫ్ట్‌వేర్ ఆ స్థితి ఎన్నడూ రాదని నమ్మి ఆ కొమ్మను కత్తిరించేయవచ్చు. పైగా మీరు నాలుగు బిట్లని రాసినా, తనకు తోచితే పదహారుకు మార్చేస్తుంది. వివాడో లాగ్‌లో `using encoding 'one-hot'` అనే మాట కనిపిస్తే మార్చిందని అర్థం. జేటాగ్ యంత్రానికైతే నేను దాన్ని ఇలా కట్టేస్తాను:

```
(* fsm_encoding = "sequential" *) reg [3:0] state;
```

వన్-హాట్ తప్పదనుకున్న చోట `fsm_safe_state` అనే మరో గుర్తు పెట్టుకోవచ్చు. దానికి `reset_state` అని విలువ ఇస్తే, ఒక బిట్ తారుమారైనప్పుడు పసిగట్టి యంత్రాన్ని రీసెట్‌కు పంపే అదనపు సర్క్యూట్ చేరుతుంది. ఆ అదనాన్ని కలిపి నివేదికలో ఆలస్యం మళ్లీ చూసుకోవాలి. ఏ వేగం కోసం వన్-హాట్ ఎంచుకున్నామో అందులో కొంత అక్కడే ఖర్చయిపోయి ఉండొచ్చు.